పెట్టెలు ముందే చేరాయి!

రాత్రి 8:50. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, కొలంబస్ విమానాశ్రయం. చికాగో నుంచి వచ్చిన విమానం సామాను బెల్టు మీద తిరుగుతోంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు... పిడికి ఎర్ర చీర పేలిక కట్టిన పెట్టెలన్నీ వచ్చేశాయి. తెనాలిలో అమ్మ స్వయంగా చింపి కట్టిన గుర్తులవి. కొడుకు వాటిని ఒక్కొక్కటిగా దించి పక్కన పెట్టాడు. తలెత్తి చూశాడు. ప్రయాణికులంతా వెళ్ళిపోయారు. బెల్టు ఆగిపోయింది.

అమ్మానాన్నా మాత్రం రాలేదు!

ఇద్దరికీ అరవై దాటింది. దేశం దాటడం అదే మొదటిసారి. వాళ్ళ ఫోనులో అమెరికా సిమ్ లేదు. పెట్టెలు వచ్చి మనుషులు రాకపోవడమేమిటి? ఆ గంటలో ఆ అబ్బాయి పడ్డ ఆందోళన ఇంతా అంతా కాదు. అసలేం జరిగిందో తెలియాలంటే చికాగో వెళ్ళాలి. మూడు గంటలు వెనక్కి వెళ్ళాలి. కాదు కాదు... ఇంకా వెనక్కి, శంషాబాద్ దాకా వెళ్ళాలి.

సగం నిజం

ఆయన తెనాలిలో ముప్ఫై ఏళ్ళకు పైగా లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు. 2023 జూన్‌లో, కోడలి పురుడుకు భార్యతో కలిసి బయల్దేరారు. హైదరాబాద్ నుంచి దుబాయ్, అక్కడి నుంచి చికాగో, చికాగో నుంచి కొలంబస్. అంతా ఒకే టికెట్టు. ఒక్కొక్కరికి 23 కిలోల చొప్పున రెండేసి పెట్టెలు... మొత్తం నాలుగు.

శంషాబాద్ కౌంటర్లో అమ్మాయి నాలుగింటికీ ట్యాగులు తగిలించింది. 'మీ బ్యాగేజీ కొలంబస్ వరకూ చెకిన్ అయిపోయింది సార్' అని నవ్వుతూ చెప్పింది. మాస్టారి మనసు తేలికపడింది. 'చికాగోలో సామాను మీరే తీసుకుని మళ్ళీ ఇవ్వాలి నాన్నా' అని కొడుకు ఫోన్లో చెప్పిన మాట అక్కడితో మరుగునపడింది. కౌంటర్లో కూర్చున్న వాళ్ళకంటే వాడికెక్కువ తెలుసా అనుకున్నారాయన.

అమ్మాయి చెప్పింది అబద్ధం కాదు. కానీ సగం నిజం. ట్యాగు మీద చివరి ఊరు CMH అని పెద్ద అక్షరాల్లో ఉంది. అది కొలంబస్. దానితోపాటు కాస్త చిన్నగా ORD అని ఉంది. అది చికాగో ఒహేర్ విమానాశ్రయం. పూర్వం ఆ చోటి పేరు ఆర్చర్డ్ ఫీల్డ్. పేరు మారినా అక్షరాలు అలాగే మిగిలిపోయాయి. పెట్టెకు కొత్త ట్యాగు అక్కర్లేదు, కొత్తగా డబ్బు కట్టనక్కర్లేదు... 'కొలంబస్ వరకూ' అన్నదాని అర్థం అంతవరకే. చికాగోలో దాన్ని బెల్టు మీంచి దించి, కస్టమ్స్ దాటించి, మళ్ళీ అప్పగించాల్సింది మాత్రం ప్రయాణికుడే.

దుబాయ్‌లో లేనిది చికాగోలో ఎందుకు?

దుబాయ్‌లో ఈ బాధ లేదు. విమానం దిగారు, భద్రతా తనిఖీ దాటారు, ఇంకో గేటు దగ్గర ఎక్కారు. పెట్టెలు వాటంతటవే మారాయి. దాంతో చికాగోలోనూ అంతేననుకున్నారు దంపతులు.

తేడా ఉంది. దుబాయ్ లాంటి చోట్ల ఆ దేశంలోకి అడుగుపెట్టకుండానే విమానం మారేందుకు ప్రత్యేకమైన ప్రాంతం ఉంటుంది. అమెరికా విమానాశ్రయాల్లో ఆ ఏర్పాటు లేదు. అక్కడ దిగితే దేశంలోకి వచ్చినట్టే. చివరికి ఏ మెక్సికోకో వెళుతూ మధ్యలో దిగినా వీసా ఉన్న మనిషిలా వరసలో నిలబడాల్సిందే. మొదట ఎక్కడ దిగితే అక్కడే మనిషికి ఇమిగ్రేషన్, సామానుకు కస్టమ్స్. 'ఈ పెట్టె నాది' అని చెప్పే మనిషి పక్కన ఉంటేనే సామాను తనిఖీ సాగేది. అందుకే పెట్టె చికాగోలో బెల్టు మీదికి వస్తుంది. యజమాని కోసం అక్కడే తిరుగుతుంది. ఆయన చూడకుండా బయటికెళ్ళిపోతే అది అక్కడే ఉండిపోతుంది. బయటికి వెళ్ళినవారిని తిరిగి ఆ హాల్లోకి రానివ్వరు. విమానసంస్థ సామాను ఆఫీసులో ఫిర్యాదు రాయించి, ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడాల్సిందే.

దీనికీ మినహాయింపులున్నాయి. అబుదాబి మీదుగా వెళ్ళేవారికి అమెరికా అధికారులు అబుదాబిలోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తిచేస్తారు. ఆ ఏర్పాటు 2014లో మొదలైంది. అలా వెళ్ళినవారు చికాగోలో దిగితే పక్క ఊరి నుంచి వచ్చినవారితో సమానం. ఐర్లాండ్‌లోని డబ్లిన్‌లోనూ ఇలాగే ఉంది. 2025లో లండన్ నుంచి డల్లాస్ వెళ్ళే కొన్ని విమానాలకు సామాను మళ్ళీ తీసుకోనక్కర్లేని కొత్త పద్ధతి మొదలుపెట్టారు. ఇవి తప్పిస్తే మన వాళ్ళు ఎక్కువగా వెళ్ళే దారుల్లో పాత పద్ధతే.

డైరీలో లెక్క

లెక్కల మాస్టారు కదా... దుబాయ్‌లో కూర్చుని డైరీ తీశారు. చికాగోలో విమానం దిగేది మధ్యాహ్నం 3:20కి. కొలంబస్ విమానం సాయంత్రం 6:05కి. మధ్యలో 165 నిమిషాలు. ఇమిగ్రేషన్‌కు 45 నిమిషాలు. టెర్మినల్ మారడానికి 10. భద్రతా తనిఖీకి 20. మొత్తం 75. ఇంకా గంటన్నర మిగులుతుంది. 'తీరిగ్గా కాఫీ తాగొచ్చు' అన్నారు భార్యతో.

వీల్‌చైర్ పెట్టించమంటావా అని కొడుకు టికెట్టు కొన్నప్పుడే అడిగాడు. 'నాకేం కాళ్ళు లేవా?' అన్నారు మాస్టారు. మోకాళ్ళ నొప్పులున్న ఆవిడ మాత్రం ఏమీ అనలేదు. ఈయన నడుస్తానంటే తను కుర్చీలో కూర్చోవడమేమిటని ఊరుకుంది.

విమానం సరిగ్గా 3:20కే నేలను తాకింది. కానీ గేటు దగ్గరికి చేరి, తలుపు తెరుచుకుని, వెనక వరసలో ఉన్న వీళ్ళ వంతు వచ్చేసరికి 3:55. పొడవాటి నడవాలు నడిచి ఇమిగ్రేషన్ హాలు చేరేసరికి 4:05. ఒహేర్‌లో విదేశీ విమానాలు దిగేది టెర్మినల్ 5లో. మధ్యాహ్నం వేళ యూరప్ నుంచి వచ్చే విమానాలన్నీ ఒకదాని వెనక ఒకటి వాలుతుంటాయి. విజిటర్ల వరస పాములా మెలికలు తిరిగి ఉంది. వంతు వచ్చి, వేలిముద్రలు, ఫొటో అయి, 'ఎందుకొచ్చారు? ఎన్నాళ్ళుంటారు?' అన్న ప్రశ్నలకు జవాబులు చెప్పి బయటపడేసరికి 4:45.

ఎర్ర పేలిక

మాస్టారు బయటికి దారి చూపే బోర్డు పట్టుకుని గబగబా నడుస్తున్నారు. సామాను బెల్టులు ఎడమపక్క తిరుగుతున్నాయి. ఆయన అటు చూడనైనా లేదు. వెనకనుంచి భార్య కేకేసింది.

'ఏవండీ... అది మన పెట్టె కాదూ!'

ఎర్ర పేలిక కట్టిన పెట్టె ఒక్కటే బెల్టు మీద తిరుగుతోంది. 'మనది కొలంబస్ వెళుతుందిగా, ఇక్కడెందుకు దించారు? పొరపాటున దించుంటారు' అన్నారాయన. 'పొరపాటున దించితే మాత్రం వదిలేసి పోతామా?' అందావిడ. ఆ ఒక్క మాట నాలుగు పెట్టెల్నీ కాపాడింది.

మొదటి పెట్టె దొరికింది. మిగతా మూడూ బెల్టు మీద లేవు. ఎంత చూసినా రావు. విమానం సామాను వచ్చి చాలాసేపయితే, బెల్టు నిండిపోకుండా సిబ్బంది పెట్టెల్ని దించి పక్కన వరసగా నిలబెడతారు. ఆ సంగతి తెలియక కొందరు బెల్టు దగ్గరే అరగంట నిలబడతారు. మాస్టారు స్తంభం అవతల పెట్టెల వరస చూశారు. మూడూ అక్కడే! ట్రాలీ మీద నాలుగూ ఎక్కించేసరికి 5:00.

కరివేపాకు కట్ట

ఇక కస్టమ్స్. తినే పదార్థాలేమైనా ఉన్నాయా అని అధికారి అడిగాడు. కొడుకు ముందే ఇంగ్లిష్‌లో రాసిచ్చిన చీటీ ఉంది. అందులో ఆవకాయ, గోంగూర, కందిపొడి, సున్నుండలు ఉన్నాయి. మాస్టారు చీటీ చూపించారు. పక్కనున్న వ్యవసాయ తనిఖీ బల్ల దగ్గరికి పంపించారు. పెట్టెలు ఎక్స్‌రే యంత్రంలో పెట్టారు. 'పచ్చి ఆకులు, పళ్ళు, గింజలు ఏమైనా ఉన్నాయా?' అని అక్కడి అధికారి మళ్ళీ అడిగాడు. మాస్టారు లేవనబోయారు. భార్య ఆయన చొక్కా లాగి మెల్లగా చెప్పింది.

'కరివేపాకు ఉందండీ. పేపర్లో చుట్టి చీరల మధ్య పెట్టాను.'

ఆయనకు కోపం వచ్చింది. అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పారు. పెట్టె తెరిచారు. కట్ట తీసి డబ్బాలో పడేశారు. మళ్ళీ మూసి పంపించేశారు. చెప్పారు కాబట్టి జరిమానా లేదు. లేదని చెప్పాక దొరికుంటే వందల డాలర్లు కట్టాల్సి వచ్చేది.

ఒక్క కరివేపాకు మీద ఇంత పట్టుదలేమిటి అనిపిస్తుంది. కరివేప చెట్టు నిమ్మ, నారింజల కుటుంబానిదే. ఆ చెట్లను పట్టే ఒక చిన్న పురుగు దీని ఆకుల మీదా బతుకుతుంది. ఆ పురుగు మోసుకొచ్చే రోగాన్ని ఫ్లోరిడాలో 2005లో కనుగొన్నారు. ఆ తర్వాత అక్కడి నారింజ తోటలు దారుణంగా దెబ్బతిన్నాయి. అందుకే వాళ్ళకంత భయం. మాంసం పచ్చళ్ళు, పచ్చి పళ్ళు కూడా తీసుకెళ్ళకూడదు. మన బియ్యానికీ ఒప్పుకోరు. ధాన్యాన్ని పట్టే ఖాప్రా పురుగు భయం దానికి కారణం.

ఆ తనిఖీ దాటి నాలుగడుగులు వేస్తే రీచెక్ బెల్టు. ఉద్యోగి ఒకాయన ట్యాగు మీద CMH చూసి, పెట్టెలు అందుకుని ఒకదాని తర్వాత ఒకటి బెల్టు మీదికి నెట్టేశాడు. 'రసీదు?' అని అడిగారు మాస్టారు. ఆయన నవ్వి చెయ్యి ఊపాడు. ఇంత సామాను ముక్కూమొహం తెలియని వాడికి ఇచ్చి, కాగితం ముక్క లేకుండా వెళ్ళడం మాస్టారికి మింగుడుపడలేదు. నిజానికి రసీదు ఆయన దగ్గరే ఉంది. శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్‌కు అంటించిన చిన్న స్టిక్కర్లే రసీదులు. చివరి ఊళ్ళో పెట్టె కనబడే దాకా వాటిని పారేయకూడదు. అప్పటికి 5:15.

అద్దంలోంచి కనబడిన విమానం

కొలంబస్ విమానం బయల్దేరేది టెర్మినల్ 1 నుంచి. టెర్మినళ్ళ మధ్య తిరిగే చిన్న రైలుంది. డబ్బివ్వక్కర్లేదు. పైఅంతస్తుకెళ్ళి, రైలు కోసం ఆగి, ఎక్కి దిగేసరికి 5:35.

ఇంకేముంది గేటుకెళ్ళడమే అనుకున్నారు. ఎదురుగా మళ్ళీ భద్రతా తనిఖీ! హైదరాబాద్‌లో ఒకటి, దుబాయ్‌లో ఒకటి అయ్యాయి కదా అంటే కుదరదు. సామాను చేతికొచ్చాక, బయటి జనంలోకి వచ్చాక మళ్ళీ మొదటినుంచి. కోడలి కోసం దుబాయ్‌లో కొన్న 125 మిల్లీలీటర్ల సెంటు సీసా అక్కడ ఆగిపోయింది. చేతిసంచిలో వంద మిల్లీలీటర్లు దాటిన ద్రవాలు కూడదు. డ్యూటీ ఫ్రీ షాపువాళ్ళు సీలు వేసిచ్చిన సంచి అలాగే ఉంటే పరిశీలించి వదిలేవారేమో. కానీ వాసన చూద్దామని విమానంలో ఆవిడ సీలు తీసేసింది. రీచెక్ బెల్టు దగ్గర పెట్టెలు చేతిలో ఉన్నప్పుడే సీసాను ఒకదానిలో పడేసి ఉంటే సరిపోయేది. ఆ ముక్క చెప్పేవాళ్ళు లేకపోయారు.

గేటు దగ్గరికి పరుగులాంటి నడకతో చేరేసరికి 6:00. అద్దం అవతల విమానం కనబడుతోంది. తలుపు మూసేశారు. బయల్దేరడానికి 15 నిమిషాల ముందే, అంటే 5:50కే తలుపు మూశారని గేటు దగ్గరి ఉద్యోగిని చెప్పింది. మాస్టారు డైరీ తీసి చూసుకున్నారు. ఆయన దగ్గర ఉన్నవి 165 నిమిషాలు కాదు, 150. వాడుకున్నవి 160. పది నిమిషాల తేడా!

'నీ కరివేపాకు తిన్నది పదిహేను నిమిషాలు' అన్నారాయన. 'మీ పౌరుషం తిన్నదెంతో?' అందావిడ మోకాలు పట్టుకుని కుర్చీలో కూలబడుతూ. ఆయన మాట్లాడలేదు. కాసేపటికి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చారు.

ఒకే టికెట్టు పుణ్యం

వీళ్ళ మాటలు విని వెనక కుర్చీలోని కుర్రాడు లేచొచ్చాడు. 'అంకుల్, ఏ ఊరండీ మీది?' అన్నాడు. తెనాలి అనగానే 'మాది చీరాల' అన్నాడు. తన ఫోను ఇచ్చాడు. సామాను బెల్టు పక్కన నిలబడ్డ కొడుక్కి అప్పుడు పోయింది ఆ కాల్. అయితే ముందు కౌంటర్ పని చూసుకోమని మాస్టార్ని అక్కడికి తీసుకెళ్ళింది కూడా ఆ కుర్రాడే. అక్కడ వరసలో చాలాసేపు పట్టింది. అందుకే ఇంటికి కబురు అందడం అంత ఆలస్యమైంది.

కౌంటర్లో పైసా తీసుకోకుండా రాత్రి 8:40 విమానానికి మార్చారు. ప్రయాణమంతా ఒకే టికెట్టు మీద ఉంది కాబట్టి తర్వాతి విమానంలో పంపే బాధ్యత విమానసంస్థదే. చికాగో వరకూ ఒక టికెట్టు, అక్కడి నుంచి ఇంకోటి కొంటే కాస్త చౌకగా వస్తుందని కొడుకు ఓ దశలో అనుకున్నాడు. అదే చేసుంటే పెట్టెల ట్యాగు చికాగోతోనే ఆగిపోయేది. రీచెక్ బెల్టు వాళ్ళు తీసుకునేవారు కాదు. పెట్టెలన్నీ రైల్లో లాక్కుంటూ టెర్మినల్ 1 కౌంటర్‌కు వెళ్ళి, సామానుకు మళ్ళీ డబ్బు కట్టాల్సి వచ్చేది. విమానం తప్పితే ఆ టికెట్టు పోయినట్టే. చౌక అనుకున్నది ఖరీదయ్యేది.

మరి పెట్టెలు ముందెలా వెళ్ళాయి? 5:15కి బెల్టు మీద పడ్డాయి కదా... వాటికి రైలు లేదు, వరస లేదు. నేరుగా విమానం కిందికి చేరి ఎక్కేశాయి. అమెరికా లోపలి ప్రయాణాల్లో మనిషి వెనకబడి సామాను ముందెళ్ళడం మామూలే. కొలంబస్‌లో కొడుకు చూసింది అదే. చికాగో కంటే కొలంబస్ గడియారం గంట ముందుంటుంది. రాత్రి 11 దాటాక అమ్మానాన్నా ఖాళీ చేతులతో బయటికొచ్చారు. అప్పటికి పెట్టెలు కారెక్కి రెండు గంటలైంది.

రెండోసారి

2025లో మళ్ళీ వెళ్ళారు. ఈసారి మాస్టారే కొడుక్కి ఫోన్ చేసి, చికాగోలో కనీసం నాలుగు గంటలు ఉండేలా టికెట్టు చూడమన్నారు. టికెట్లు అమ్మే కంప్యూటర్‌కు విమానాశ్రయం నిర్ణయించిన కనీస వ్యవధి ఉంటే చాలు, ఆ దారి చూపించేస్తుంది. వెనక వరసలో సీటు, మోకాళ్ళ నొప్పులు, మొదటిసారి వచ్చిన కంగారు దానికి తెలియవు. ఆ లెక్క మనమే వేసుకోవాలి. దిగే సమయం నుంచి కాదు, తలుపు దాటే సమయం నుంచి. బయల్దేరే సమయం దాకా కాదు, గేటు మూసే సమయం దాకా.

వీల్‌చైర్లు కూడా ఆయనే పెట్టించమన్నారు... రెండు. దానికి విమానసంస్థ డబ్బేమీ తీసుకోదు. తలుపు దగ్గర కుర్చీల కోసం ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చింది. కానీ తోసే మనిషి వేరే వరసలోంచి తీసుకెళ్ళాడు. బెల్టు దగ్గర పెట్టెలు దించాడు. రీచెక్ చేయించాడు. రైలెక్కించి, తనిఖీ దాటించి, గేటు దగ్గర కూర్చోబెట్టాడు. ఇంగ్లిష్‌లో దారి అడగాల్సిన పనే పడలేదు. మాస్టారు జేబులోంచి తీసి ఇద్దరికీ చెరో పది డాలర్లిచ్చారు. విమానానికి ఇంకా గంటన్నర ఉంది. కాఫీ తాగారు.

తిరుగు ప్రయాణం ఢిల్లీ మీదుగా. అక్కడా సాధారణంగా ఇదే తంతు... ఇమిగ్రేషన్, పెట్టెలు, కస్టమ్స్, మళ్ళీ బెల్టు. ఈసారి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మాస్టారు నేరుగా సామాను బెల్టు దగ్గరికెళ్ళి నిలబడ్డారు.

ఎర్ర పేలికలు ఇప్పటికీ పెట్టెలకు అలాగే ఉన్నాయి. కరివేపాకు మాత్రం ఆవిడ తీసుకెళ్ళలేదు. కొలంబస్‌లో ఇండియన్ కొట్లోనే దొరుకుతుందట. 'వాసన మాత్రం మన దాని అంత ఉండదు' అంటుందావిడ.